ఎముకతో తూచిన కోడి, తలతో తూచిన చేప: మాంసకృత్తుల గణనలో తినదగిన భాగాన్ని నిర్ణయించే విధానం

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టను ఆనుకొని ఉన్న బార్కస్, నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికుల నివాసస్థానం. సైనికుల బ్యారక్స్ అన్న మాటే వాడుకలో బార్కస్‌గా మారింది. వారి సంతతి నిలుపుకొన్న వంటకాలలో మండీ నేడు నగరమంతటా ప్రసిద్ధి పొందింది. పెద్ద పళ్లెంలో అన్నం పరచి, దానిపై కోడిని సగంగానో నాలుగు భాగాలుగానో ఎముకతో సహా ఉంచి వడ్డిస్తారు. నలుగురైదుగురు చుట్టూ కూర్చొని ఆ ఒక్క పళ్లెంలోనే తింటారు. భోజనం ముగిసేసరికి పళ్లెం అంచున ఎముకల కుప్ప మిగులుతుంది.

ఆహార సర్వేక్షణ చేసేవారికి ఈ కుప్పే అసలు సమస్య. ఇంటి యజమాని “కిలో పావు కోడి తెచ్చాం” అని చెబుతాడు. పట్టికలో కోడిమాంసానికి 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు అని ఉంటుంది. ఈ రెండింటినీ నేరుగా గుణిస్తే వచ్చే అంకెలో ఎముకలు కూడా మాంసంగా లెక్కకు వస్తాయి. ఈ పొరపాటు ఎంత పెద్దదో, దానిని ఎలా సరిచేయాలో, సరిచేసేటప్పుడు కొత్తగా ఏ పొరపాట్లు దొర్లుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

పట్టిక చెప్పే 100 గ్రాములు ఏవి?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార సంఘటన పట్టికలలోని విలువలు తినదగిన భాగానికి సంబంధించినవి. అంటే విశ్లేషణకు ముందే ఎముక, ముల్లు, పొలుసు వంటివి తొలగించి, మిగిలిన మెత్తని మాంసాన్నే పరీక్షించారు. చర్మం తీసిన పచ్చి కోడిమాంసంలో ఛాతీ భాగానికి సుమారు 22, కాలి భాగానికి సుమారు 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పక్షి మొత్తానికి సగటున 20 గ్రాములుగా తీసుకోవచ్చు. శీలావతి, బొచ్చె వంటి చెరువు చేపల కండకు 17 నుంచి 19 గ్రాములు ఉంటాయి.

అంగడిలో తూకం వేసే వస్తువు మాత్రం ఇది కాదు. కనుక గణన రెండు మెట్లలో సాగాలి. మొదట తూచిన బరువు నుంచి తినదగిన బరువును రాబట్టాలి. ఆ తరువాతనే పట్టిక విలువతో గుణించాలి.

తినదగిన బరువు = తూచిన బరువు − (ఎముకలు + తినని చర్మం + ఇతర వ్యర్థాలు)

మాంసకృత్తులు = తినదగిన బరువు × పట్టిక విలువ ÷ 100

సూత్రం సులభమే. కష్టమంతా “తూచిన బరువు” ఏ దశలోనిదో తెలుసుకోవడంలో ఉంది.

అంగడిలో మూడు తూకాలు

తెలుగు రాష్ట్రాలలో కోడి ధరను మూడు విధాలుగా ప్రకటించడం అందరికీ తెలిసినదే: లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. ఈ మూడు ధరల మధ్య తేడాకు ప్రధాన కారణం ప్రతి దశలోనూ తగ్గే బరువు. బ్రాయిలర్ కోడిని కోసి, ఈకలు, రక్తం, పేగులు, తల, పాదాలు తొలగిస్తే ప్రాణంతో ఉన్నప్పటి బరువులో సుమారు 70 నుంచి 75 శాతం మిగులుతుంది. చర్మం కూడా తీసివేస్తే అది ఇంచుమించు 60 నుంచి 65 శాతానికి దిగుతుంది. ఇంకా ఎముక అందులోనే ఉంది.

కాబట్టి “రెండు కిలోల కోడి” అన్న సమాధానం విన్న వెంటనే అది ఏ తూకమో అడగాలి. లైవ్ తూకంలో రెండు కిలోలైతే చర్మం తీసిన ముక్కలు 1.2 నుంచి 1.3 కిలోలు మాత్రమే వస్తాయి. అందులో ఎముకలేని మాంసం 900 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అదే స్కిన్‌లెస్ తూకంలో రెండు కిలోలైతే మాంసం 1.4 కిలోల వరకు ఉంటుంది. ఒకే మాటకు ఇంత భిన్నమైన అర్థాలు ఉన్నప్పుడు, తరువాతి లెక్క ఎంత శ్రద్ధగా చేసినా ప్రయోజనం ఉండదు. కార్జం, కందనకాయ ముక్కలలో కలిపి ఇచ్చారా లేదా అన్నదీ ఇక్కడే నమోదు చేయాలి. వాటిలో ఎముక లేదు గనుక వాటిని విడిగా తూచి, వాటి సొంత విలువలతో లెక్కించడం మంచిది.

ఒక మండీ పళ్లెం లెక్క

నలుగురు పెద్దలున్న ఒక కుటుంబం ఇంట్లో మండీ వండుకొన్నదని అనుకొందాం. ఈ ఉదాహరణలోని తూకాలు విధానాన్ని చూపడానికి ఎంచుకొన్నవి. చర్మం తీసిన కోడి పచ్చిగా 1,200 గ్రాములు తూగింది. దానిని నాలుగు భాగాలు చేశారు: 280 గ్రాముల చొప్పున రెండు కాలి భాగాలు, 320 గ్రాముల చొప్పున రెండు ఛాతీ భాగాలు. ఛాతీ భాగానికి రెక్క, వెన్నులో కొంత అంటుకొని ఉన్నాయి.

ఎముకను పట్టించుకోకుండా గుణిస్తే 1,200 గ్రాములకు 240 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. తలకు 60 గ్రాములన్నమాట.

ఇప్పుడు భోజనం తరువాత ఎముకలన్నీ పోగుచేసి, అంటుకొన్న అన్నాన్ని దులిపి తూస్తే 330 గ్రాములు వచ్చింది. 1,200 నుంచి 330 తీసివేస్తే తినదగిన బరువు 870 గ్రాములు. దానికి 20 శాతం చొప్పున మాంసకృత్తులు 174 గ్రాములు. మొదటి లెక్కకూ దీనికీ తేడా 66 గ్రాములు.

2020లో సవరించిన భారతీయ సిఫారసుల ప్రకారం 65 కిలోల పురుషునికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే ఒక్క పళ్లెంలో జరిగిన పొరపాటే ఒక మనిషి రోజంతటి అవసరాన్ని మించిపోయింది. సర్వేక్షణ పత్రంలో మాత్రం ఆ ఇంట్లో అందరూ ఒక్క పూటలోనే రోజు అవసరాన్ని దాటినట్లు నమోదవుతుంది.

పంపకం కూడా చూడాలి. ఎవరి ఎముకలు వారి ముందు విడిగా ఉంచి తూచగలిగితే లెక్క ఇంకా స్పష్టమవుతుంది. కాలి భాగం తిన్న వ్యక్తి ముందు 80 గ్రాముల ఎముకలు ఉంటే, తిన్న మాంసం పచ్చి బరువులో 200 గ్రాములు. కాలి మాంసానికి 19 శాతం చొప్పున 38 గ్రాముల మాంసకృత్తులు. ఛాతీ భాగం తిన్న వ్యక్తి ముందు 85 గ్రాములు ఉంటే, మాంసం 235 గ్రాములు. రెక్క, వెన్ను కలిసి ఉన్నందున 21 శాతం తీసుకొంటే సుమారు 49 గ్రాములు. నలుగురి మొత్తం మళ్లీ 174 గ్రాముల వద్దకే వస్తుంది. కానీ ఒకే పళ్లెంలో తిన్న ఇద్దరి మధ్య 11 గ్రాముల తేడా ఉన్నట్లు తేలింది. ఆ కాలి ముక్క ఒక స్త్రీ వంతుకు వస్తే, ఆ పూట ఆమెకు అందినది 60 గ్రాములు కాదు, 38 మాత్రమే. ఉమ్మడి పళ్లెంలోని మాంసాన్ని తలల లెక్కన భాగించే పద్ధతి ఈ తేడాను పూర్తిగా కప్పివేస్తుంది.

పచ్చి ఎముక, వండిన ఎముక

పై లెక్కలో ఒక సందేహం రావాలి. కోడిని పచ్చిగా తూచాం, ఎముకలను వండిన తరువాత తూచాం. ఈ రెండింటినీ కలపవచ్చునా?

వేడికి కండరం ముడుచుకొని నీటిని వదులుతుంది. అందువల్ల వండిన మాంసం బరువు పచ్చి బరువులో సుమారు 70 నుంచి 75 శాతానికి తగ్గుతుంది. ఎముక మాత్రం కొద్దిపాటి తేమ, మూలుగులోని కొంత కొవ్వు తప్ప ఎక్కువ బరువు కోల్పోదు. మన ఉదాహరణలో పచ్చి ఎముక నిజానికి 350 గ్రాములు ఉండి, వంట తరువాత 330కి తగ్గిందనుకొందాం. అప్పుడు అసలు మాంసం 850 గ్రాములు, మాంసకృత్తులు 170 గ్రాములు. మన లెక్క 174. తేడా రెండు శాతం మాత్రమే. క్షేత్రస్థాయి పనికి ఇది అంగీకరించదగినదే. కనుక పచ్చి బరువు నుంచి భోజనానంతర ఎముకల బరువును తీసివేయడం ఇంటి సర్వేక్షణకు సులభమైన, నమ్మదగిన మార్గం.

ప్రమాదం ఇంకొక చోట ఉంది. అదే కోడి వండిన తరువాత ఎముకతో 930 గ్రాములు తూగిందనుకొందాం. పచ్చిగా ఉన్నప్పుడు ఎముక వాటా 1,200లో 350, అంటే 29 శాతం. వండాక 930లో 330, అంటే 35 శాతానికి పైగా. ఎముక పెరగలేదు, దాని చుట్టూ ఉన్న మాంసం కుంచించుకుపోయింది. పచ్చి కోడికి చెప్పిన 29 శాతాన్ని వండిన బరువుకు వర్తింపజేస్తే మాంసం 600 గ్రాములకు బదులు 660గా వస్తుంది. భోజనశాలలో వడ్డించిన ముక్కను తూచి, పుస్తకంలోని పచ్చి ఎముక శాతంతో తగ్గించే విద్యార్థులు చేసే పొరపాటు ఇదే.

పట్టిక విలువ విషయంలోనూ దశ తప్పకూడదు. నీరు పోవడం వల్ల వండిన మాంసంలో 100 గ్రాములకు మాంసకృత్తులు 28 గ్రాముల వరకు చేరుతాయి. మన ఉదాహరణలో వండిన 600 గ్రాములకు 28 శాతం చొప్పున 168 గ్రాములు వస్తాయి; పచ్చి మార్గంలో వచ్చిన 170కి ఇది సరిగా సరిపోతుంది. కానీ వండిన 600 గ్రాములకు పచ్చి విలువ 20ని వాడితే 120 గ్రాములే వస్తాయి. పచ్చి 870 గ్రాములకు వండిన విలువ 28ని వాడితే 244 వస్తాయి. ఈ చివరి అంకె ఎముకను అసలు తీసివేయని లెక్కకంటె కూడా ఎక్కువ. ఎముకను ఎంతో శ్రమపడి తొలగించినా దశ తప్పితే ఫలితం మళ్లీ మొదటికే వస్తుంది.

చర్మం సంగతి

ఎముకను మొత్తంగా వదిలివేయవచ్చు. చర్మం అలా కాదు. కొందరు తింటారు, కొందరు తీసివేస్తారు. పచ్చి కోడి చర్మంలో 100 గ్రాములకు మాంసకృత్తులు సుమారు 13 గ్రాములు, కొవ్వు సుమారు 32 గ్రాములు ఉంటాయి. దానిని మాంసంతో కలిపి 20 శాతంగా లెక్కిస్తే మాంసకృత్తులు ఎక్కువగానూ, శక్తి బాగా తక్కువగానూ తేలుతాయి. 140 గ్రాముల చర్మం తింటే లభించే మాంసకృత్తులు 18 గ్రాములే అయినా, దానితోపాటు 45 గ్రాముల కొవ్వు చేరుతుంది.

నాణ్యతలోనూ భేదం ఉంది. చర్మంలోని మాంసకృత్తులలో అధికభాగం కొల్లాజెన్. ఇందులో ట్రిప్టోఫాన్ అనే ఆవశ్యక అమైనో ఆమ్లం ఉండదు. పైగా ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి 6.25తో గుణించి మాంసకృత్తులుగా చెప్పడం ఆనవాయితీ; కొల్లాజెన్, జెలటిన్‌లలో నత్రజని వాటా ఎక్కువ గనుక వాటికి సరైన గుణకం 5.55. కాబట్టి చర్మానికి, మృదులాస్థికి పట్టికలో ఉన్న విలువ కూడా కొంత ఎక్కువగా చూపేదేనని గ్రహించాలి. ఎముకలను మరిగించిన రసం విషయంలోనూ ఇంతే. ఆ రసంలోకి దిగేది కొద్దిపాటి జెలటిన్ మాత్రమే. ఎముక బరువును ఆధారం చేసుకొని రసానికి మాంసకృత్తులు లెక్కకట్టరాదు.

చర్మంతో వండిన కోడిలో ఇంకొక చిక్కు ఉంది. వేడికి చర్మంలోని కొవ్వు కరిగి అన్నంలోకి దిగిపోతుంది. తినకుండా పళ్లెంలో వదిలిన చర్మం పచ్చి బరువుకంటె చాలా తక్కువ తూగుతుంది. ఎముకకు అనుసరించిన పద్ధతిలో ఈ వండిన చర్మపు బరువును పచ్చి కోడి బరువు నుంచి తీసివేస్తే, తగినంత తగ్గించనట్లే అవుతుంది. మిగిలిన తేడా మాంసంగా లెక్కకు ఎక్కుతుంది. అందువల్ల చర్మంతో వండే ఇళ్లలో పచ్చి మార్గాన్ని విడిచి, వండిన మాంసాన్ని ఎముక నుంచి, చర్మం నుంచి వేరుచేసి తూచి, వండిన మాంసపు విలువతోనే లెక్కించాలి.

చేప: తల ఎవరిది?

కోడికి చెప్పిన సూత్రమే చేపకూ వర్తిస్తుంది. తొలగించే భాగాలు మాత్రం ఎక్కువ. నగరంలోని చేపల బజారులో సాధారణంగా చేపను మొత్తంగా తూచి ధర కట్టి, ఆ తరువాతనే పొలుసులు గీకి, మొప్పలు, రెక్కలు, పేగులు తీసి ముక్కలు కోస్తారు. కొన్నవారికి గుర్తుండేది డబ్బు చెల్లించిన తూకమే. ఇంటికి చేరిన సంచి బరువు దానికంటె చాలా తక్కువ.

ఉదాహరణకు కిలో శీలావతిని తీసుకొందాం. పొలుసులు, మొప్పలు, రెక్కలు, పేగులు కలిపి 200 గ్రాములు పోయాయి. మిగిలిన 800 గ్రాములలో తల 180 గ్రాములు, నడుము ముక్కలు 620 గ్రాములు. తిన్న తరువాత ముక్కలలోని వెన్నుముల్లు, సన్నముళ్లు 90 గ్రాములు మిగిలాయి. ముక్కలలో కండ 530 గ్రాములు. తలను పారవేసిన ఇంట్లో తినదగిన భాగం 53 శాతమే. తలను పులుసులో వండి, అందులోని మెత్తని భాగం 60 గ్రాముల వరకు తిన్న ఇంట్లో అది 59 శాతం. 18 శాతం చొప్పున మొదటి ఇంటికి 95 గ్రాములు, రెండవ ఇంటికి 106 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. తూచిన కిలోను నేరుగా గుణిస్తే వచ్చేది 180.

దీనినిబట్టి చేపకు తినదగిన శాతం చేప జాతికి మాత్రమే చెందినది కాదని, ఇంటి అలవాటుకు కూడా చెందినదని తెలుస్తుంది. బొచ్చెకు తల పెద్దది. దాని తలను వదిలివేసే ఇంటికి శీలావతి శాతాన్ని వాడితే లెక్క ఎక్కువవుతుంది. దీనికి విరుద్ధంగా, ముళ్లతో సహా నమిలి తినే చిన్న చేపలకు పెద్ద చేపల వ్యర్థ శాతాన్ని వర్తింపజేయడం తప్పు. అక్కడ పేగులు, తల తీసివేశారా అన్నదొక్కటే అడగవలసిన ప్రశ్న. మంచుపూతతో అమ్మే ఘనీభవించిన చేపనైతే కరిగించి, నీరు వార్చిన తరువాతనే తూచాలి.

తూకం తప్పిందని గుర్తించడం

చర్మం తీసిన, ఎముకతో ఉన్న బ్రాయిలర్ కోడికి తినదగిన భాగం సాధారణంగా 65 నుంచి 75 శాతం మధ్య వస్తుంది. నమోదైన అంకె 80 శాతం దాటితే ఎముకలు కొన్ని తూకానికి అందలేదని అనుమానించాలి. పిల్లలు బయట పారవేసి ఉండవచ్చు, పిల్లి ఎత్తుకుపోయి ఉండవచ్చు, లేదా లేత ఎముకల కొసలను నమిలి మింగి ఉండవచ్చు. అంకె 60 శాతం లోపు ఉంటే ఎముకకు మాంసం అంటుకొని ఉందనో, అన్నం, మసాలా కలిసి తూగాయనో భావించి, ఎముకలను శుభ్రపరచి మళ్లీ తూచాలి. చిన్నపిల్లలు వదిలిన ఎముకలపై మాంసం ఎక్కువగా మిగులుతుంది గనుక వాటిని విడిగా చూడటం మేలు.

ఇంకొక పొరపాటు శ్రద్ధ ఎక్కువైనచోట జరుగుతుంది. ఒకరు ఎముకలను తూచి తీసివేస్తారు. తరువాత గణన చేసేవారు పట్టికలోని వ్యర్థ శాతాన్ని మళ్లీ తగ్గిస్తారు. మన ఉదాహరణలో 870 గ్రాముల నుంచి ఇంకొక 29 శాతం తీసివేస్తే 618 గ్రాములు మిగిలి, మాంసకృత్తులు 124 గ్రాములకు పడిపోతాయి. వ్యర్థ శాతం కొన్న బరువుకు మాత్రమే వర్తిస్తుంది. తిన్న మాంసపు బరువుకు వర్తించదు.

ఈ తప్పులను నివారించడానికి పత్రంలో ప్రతి బరువు పక్కన మూడు విషయాలు రాస్తే చాలు: పచ్చిదా వండినదా, ఎముకతోనా లేకుండానా, చర్మంతోనా లేకుండానా. తూకం సాధ్యంకాని గత దిన ఆహార విచారణలో, ఆ ప్రాంతపు అంగళ్లలో కొనే పరిమాణంలోని కోళ్లను ముందుగా కొన్నింటిని తెచ్చి, కాలు, తొడ, ఛాతీ, రెక్క ముక్కలను వేరువేరుగా ఎముక తీసి తూచి ఒక స్థానిక పట్టిక తయారుచేసుకోవాలి. ముక్కను బట్టి ఎముక వాటా చాలా మారుతుంది. రెక్కలో అది సగానికి దగ్గరగా, కాలి కింది ముక్కలో మూడింట ఒక వంతు, తొడలో, ఛాతీలో ఐదింట ఒక వంతు దరిదాపుల్లో ఉంటుంది. “రెండు ముక్కలు తిన్నాను” అన్న సమాధానం ఏ ముక్కలన్నది తెలిసినప్పుడే గ్రాములుగా మారగలదు.